100! విషయంలో "157 అంకెల సంఖ్య" అనాలా, "158 అంకెల సంఖ్య" అనాలా?

మలక్‌పేట పంతులమ్మ: అందరికీ నమస్కారం. డిసెంబరు 22 గణిత దినోత్సవానికి మా బడి గోడబోర్డు మీద ఒక వాక్యం పెట్టాలి. "1 నుంచి 100 దాకా అన్నిటినీ గుణిస్తే 157 అంకెల సంఖ్య వస్తుంది" అని ఒక అమ్మాయి రాసుకొచ్చింది. ఎక్సెల్‌లో `=FACT(100)` కొడితే `9.33262E+157` అని వచ్చిందట, అందులోంచి తీసుకుంది. ఇంకో అబ్బాయి 158 అంటున్నాడు. మా దగ్గరున్న క్యాలిక్యులేటర్ 69! దాకా చూపించి 70! దగ్గర ఎర్రర్ అంటోంది. వాక్యం ఎలా ఉండాలి? ఎందుకలా అని పిల్లలకు లాగరిథమ్‌లతో చెప్పేదెలా?

మియాపూర్ కుర్రాడు: 158 కరెక్ట్ మేడమ్. 100!కి లాగ్ 157.97 వస్తుంది. దాన్ని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే 158. అంతే.

దిల్‌సుఖ్‌నగర్ నాన్న: మా వాడి కోచింగ్‌లో ఇదే ప్రశ్న వచ్చిందండి. జవాబు 24. 100లో 5లు 20, 25లు 4, మొత్తం 24. లాగ్‌లతో పనే లేదు.

నల్లకుంట మాస్టారు: నాన్నగారూ, మీరు చెప్పింది చివర ఉండే సున్నాల లెక్క. 24 సరిగ్గానే ఉంది, కానీ అమ్మ అడిగింది మొత్తం అంకెలు ఎన్నని.

కుర్రాడా, నీ జవాబు సరైనదే, దారి మాత్రం సరైనది కాదు. అదే పద్ధతిలో 5! చూడు. 120కి లాగ్ 2.079. దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే 2 వస్తుంది. 120లో అంకెలు మూడు కదా? 100! లాగ్‌లో దశాంశ భాగం 0.97 కాబట్టి నీ పద్ధతి బయటపడింది. అది 0.3 అయి ఉంటే 157 అని రాసేవాడివి.

అసలు సంగతి ఇది. 100 నుంచి 999 దాకా ఏ సంఖ్య తీసుకున్నా లాగ్ 2 దగ్గర మొదలై 3కి చేరకుండా ఆగుతుంది. వాటన్నిటికీ అంకెలు మూడు. అందుకే దశాంశ భాగం ఎంతున్నా వదిలేసి, పూర్ణభాగానికి ఒకటి కలపాలి. 157కి ఒకటి కలిపితే 158. వదిలేసిన దశాంశ భాగం వృథా కాదు, మొదట ఏ అంకెలున్నాయో అదే చెబుతుంది. లాగ్ 0.97 ఉండే సంఖ్య దాదాపు 9.33. ఎక్సెల్ చూపించిన 9.33262 అదే. `E+157` అంటే ఆ 9 తర్వాత ఇంకా 157 స్థానాలున్నాయని అర్థం. ఆ 9ని లెక్కలో కలుపుకోకపోవడం వల్లే అమ్మాయికి 157 వచ్చింది.

మియాపూర్ కుర్రాడు: సరే మాస్టారూ, దగ్గరికి కాకుండా ఎప్పుడూ పైకే సవరిస్తే? 2.079 మూడవుతుంది, 157.97 కూడా 158 అవుతుంది. కోడ్‌లో ఒక్క ఫంక్షన్‌తో పని అయిపోతుంది.

నల్లకుంట మాస్టారు: 1000 దగ్గర దెబ్బ తింటావు. లాగ్ కచ్చితంగా 3, పైకి సవరించడానికి ఏమీ లేదు, అంకెలేమో నాలుగు. క్రమగుణితాల్లో ఆ ప్రమాదం విలువ 1 అయ్యే 0!, 1! దగ్గర మాత్రమే ఉంది. 3! నుంచి అన్నిటిలోనూ 3 కారణాంకంగా ఉంటుంది కాబట్టి అవి 10కి ఘాతం కాలేవు. మిగిలిన 2! సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా పిల్లలకు నేర్పేటప్పుడు అన్నిచోట్లా నిలిచే నియమమే మంచిది.

మలక్‌పేట పంతులమ్మ: ఇది అర్థమైంది మాస్టారూ. అయితే ఆ 157.97 ఎక్సెల్ లేకుండా ఎలా వస్తుంది? లబ్ధానికి లాగ్ అంటే లాగ్‌ల మొత్తం కదా, నూరు లాగ్‌లూ టేబుల్లో చూసి కూడాలా?

నల్లకుంట మాస్టారు: కూడవచ్చు. నాలుగు దశాంశాల టేబుల్లో ఒక్కో లాగ్‌కు తేడా 0.00005 మించదు. నూరు కూడితే మహా అయితే 0.005. మన 157.97కూ 158కీ మధ్య 0.03 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పిల్లలను నాలుగు జట్లు చేసి తలా 25 లాగ్‌లు ఇవ్వండి, ఒక పీరియడ్‌లో తేలుతుంది.

అంత కూడిక వద్దనుకుంటే స్టిర్లింగ్ సూత్రం ఉంది. 1730 నాటిది, డి మోయివర్‌కు కూడా అందులో వాటా ఉంది.

```
n! ≈ √(2πn) × (n/e)^n
```

లాగ్ తీసుకుంటే రెండు ముక్కలు. పెద్ద ముక్క (100/e)కి నూరో ఘాతం. 100కి లాగ్ 2, eకి లాగ్ 0.4343, తేడా 1.5657. నూరుతో గుణిస్తే 156.57. చిన్న ముక్క 628.32కు వర్గమూలం, అంటే సుమారు 25.07. దాని లాగ్ 1.399. రెండూ కలిపితే 157.969.

చిన్న ముక్కే కదా అని వదిలేయకండి. వదిలేస్తే 156.57 మిగిలి, జవాబు 157 అంకెలు అవుతుంది. చూడటానికి మీ అమ్మాయి మాటే నిజమనిపిస్తుంది!

మియాపూర్ కుర్రాడు: సూత్రమే ఉజ్జాయింపు కదా, 158 దాటదని గ్యారంటీ ఏంటి?

నల్లకుంట మాస్టారు: మంచి ప్రశ్న. స్టిర్లింగ్ విలువ ఎప్పుడూ అసలు కంటే కాస్త తక్కువే. ఆ తక్కువ దాదాపు 12nలో ఒక వంతు, ఇక్కడ 1200లో ఒక వంతు. లాగ్‌లో చూస్తే 0.00036. అది కలిపినా దాదాపు 157.97. 158 దాటాలంటే ఇంకా 0.03 కావాలి, ఆ పొరపాటు దానికి ఏ మూలకూ చాలదు.

అసలు భయం సూత్రంతో కాదు, మనం సవరించి వాడే eతో. దాని లాగ్‌లో చేసిన పొరపాటు నూరు రెట్లవుతుంది. లాగ్‌ను 0.434 అని తీసుకుంటే మొత్తం 157.999, వెంట్రుకవాసిలో తప్పించుకున్నట్టు. 0.43 అంటే 158.399, అంటే 159 అంకెలు, తప్పు. eని 2.7 అనుకున్నా 158.26 వచ్చి అదే తప్పు. మొత్తం పూర్ణసంఖ్యకు ఇంత దగ్గరగా వస్తే ఇంకో దశాంశం వేసి మళ్లీ చేయాలి.

కోఠి పాత పుస్తకాలాయన: లెక్క మీకు వదిలేస్తాను. నా బాధల్లా దీన్ని తెలుగులో చదివేదెలా అని. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలోనే 24 స్థానాలకు పేర్లున్నాయి, మహాక్షోభం దాకా. మనకు కావలసినవేమో 158. అందుకని కోట్లలో వేసి చూశాను. కోటిలో ఏడు సున్నాలు, 22 సార్లు గుణిస్తే 154. ఇంక మిగిలేవి నాలుగు స్థానాలు. అంటే "తొమ్మిది వేల మూడువందల ముప్పై రెండు" అని, ఆ తర్వాత "కోట్ల" అని 22 సార్లు అనాలి. బోర్డు మీద ఇలాగే రాస్తే పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

దిల్‌సుఖ్‌నగర్ నాన్న: 9332 తర్వాత ఇంకా అంకెలున్నాయి కదండీ, "సుమారు" అని చేర్చకపోతే ఎలా? పైగా చివరి 24 సున్నాల మాట కూడా రాయండి, పరీక్షలో అడిగేది అదే.

నల్లకుంట మాస్టారు: "సుమారు" కోట్లతో చదివేటప్పుడు కావాలి. "158 అంకెలు" దగ్గర మాత్రం వద్దు, అది కచ్చితమైన లెక్క.

మలక్‌పేట పంతులమ్మ: "1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యలన్నిటి లబ్ధం 158 అంకెల సంఖ్య" అని పెడుతున్నాను. పక్కన చిన్నక్షరాలతో 156.57, 1.40 కూడిక కూడా. 22 కోట్ల సంగతి పిల్లలకు నచ్చింది గానీ, బోర్డు మీద అంత చోటు లేదు.

కోఠి పాత పుస్తకాలాయన: బోర్డు చిన్నదైతే కోట్లను రెండు వరుసల్లో రాయించండమ్మా.