పోస్టర్ మధ్యలో ఒక్క మాటే పెద్దగా పెట్టాలా, స్టడీ మొత్తం చూపించాలా?

పల్లె_పీజీ
కమ్యూనిటీ మెడిసిన్ పీజీ, రెండో సంవత్సరం. ఆరు ప్రభుత్వ హైస్కూళ్లలో 8, 9 తరగతుల ఆడపిల్లలు 480 మంది. చీటీలు తీసి మూడు బడుల్లో సోమవారం ఐరన్ మాత్రను మధ్యాహ్న భోజనం అయ్యాక టీచర్ ఎదుటే మింగించాం. మిగతా మూడింట్లో ఎప్పటిలాగే పంచారు. ఆరు నెలలు చేశాం. గైడ్ గారు ఇంట్రడక్షన్ నుంచి రిఫరెన్సుల దాకా అన్నీ ఉండాలి, ఏడు టేబుల్సూ ఉండాలి అంటున్నారు. నాకేమో మధ్యలో "టీచర్ ఎదుట మింగిస్తే రక్తహీనత తగ్గుతుంది" అని పెద్దగా రాసి, పక్కన రెండు గ్రాఫులు పెట్టాలని ఉంది. ఎవరిది కరెక్ట్?

అట్లాంటా_తమ్ముడు
మీదే కరెక్ట్. ఏడు టేబుల్స్ ఎవరూ చదవరు. మైక్ మోరిసన్ అనే సైకాలజీ పీహెచ్‌డీ విద్యార్థి 2019లో ఒక వీడియో పెట్టాడు, అప్పటి నుంచి ఇక్కడ చాలామంది ఆ పద్ధతిలోనే చేస్తున్నారు. మధ్యలో మామూలు భాషలో ఒక్క వాక్యం, దూరం నుంచే చదవగలిగేంత పెద్దగా. ఎడమవైపు సన్నటి పట్టీలో స్టడీ సంగతి క్లుప్తంగా. కుడివైపు పట్టీలో ఎవరైనా ప్రశ్న అడిగితే చూపించడానికి టేబుల్స్. కింద క్యూఆర్ కోడ్. అంతే. మాటలు ఎంత తగ్గితే అంత మంచిది. మీ వాక్యం బాగుంది, బ్యాక్‌గ్రౌండ్ ముదురు నీలం పెట్టి తెల్ల అక్షరాలతో కొట్టేయండి.

అంకెల_అమ్మాయి
వాక్యం పెద్దగా పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ వాక్యాన్ని మోసే బలం మీ స్టడీకి ఉందా అన్నదే నా ప్రశ్న. పదిహేనేళ్లుగా పీజీల థీసిస్ లెక్కలు చూస్తున్నాను, బడుల్లో చేసిన స్టడీలన్నీ ఇక్కడే తడబడతాయి.

మీరు చీటీ తీసింది పిల్లలకి కాదు, బడులకి. ఒకే బడి పిల్లలు ఒకే వంట తింటారు, దాదాపు ఒకే ఊళ్ల నుంచి వస్తారు, ఒకే టీచర్ మాట వింటారు. అందుకని వాళ్ల ఫలితాలు కొంత ఒకేలా ఉంటాయి. అలా ఎంతవరకు ఉన్నాయో చెప్పే అంకెను ఐసీసీ అంటాం. మీ డేటాలో అది 0.05 అనుకుందాం, పెద్ద అంకేమీ కాదు. బడికి సగటున 80 మంది. అప్పుడు 79ని 0.05తో గుణించి 1 కలిపితే 4.95 వస్తుంది. 480ని దాంతో భాగిస్తే 97. అంటే మీ 480 మంది, విడివిడిగా ఎంచుకున్న 97 మంది ఇచ్చేంత సమాచారమే ఇస్తున్నారు. పోస్టర్ మీద "480 మంది" అని బోల్డ్‌లో వేసి, పక్కన పిల్లల లెక్కన చేసిన టీ టెస్ట్ పీ వ్యాల్యూ పెడితే, తెలిసినవాళ్లు మొదట పట్టుకునేది అదే.

ఇక ఆ రెండు గ్రాఫులు ఏమిటో చెప్పలేదు. ముందూ వెనకా రక్తహీనత శాతం చూపించే 3డీ బార్లేనా?

పల్లె_పీజీ
అవును మేడమ్, అవే. ఒకటి రక్తహీనత శాతం, ఇంకోటి మాత్రలు మింగిన శాతం. రెండూ ఎక్సెల్‌లో చేశాను.

అంకెల_అమ్మాయి
మొదటిది తీసేయండి. ఈ వయసు ఆడపిల్లలకి 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత అంటాం. 11.8 ఉన్న పిల్ల 12.1కి వస్తే "రక్తహీనత పోయింది" లెక్కలోకి వెళ్తుంది. 8.5 నుంచి 10కి వచ్చిన పిల్ల మాత్రం బారులో ఎక్కడా కనపడదు. నిజానికి ఎక్కువ మేలు జరిగింది ఆ పిల్లకే. పైగా వేలి నుంచి చుక్క తీసి మీటర్‌లో పెట్టే పరీక్ష ఇది. గట్టిగా పిండితే కూడా రీడింగ్ కొంచెం అటూ ఇటూ అవుతుంది. 12 గీత దగ్గర గుంపుగా ఉన్న పిల్లలంతా ఆ కొంచెం తేడాకే గీత దాటతారు.

దాని బదులు ఒక్క బొమ్మ గీయండి. ఎడమవైపు మొదటి కొలత, కుడివైపు ఆరు నెలల తర్వాతి కొలత. ఒక్కో బడి సగటు హిమోగ్లోబిన్‌కి ఒక్కో గీత, మొత్తం ఆరు గీతలు. మింగించినవి ముదురు నీలం, మిగతావి బూడిద రంగు. ఎరుపు ఆకుపచ్చ వద్దు, వాటి మధ్య తేడా కనపడని మగవాళ్లు హాల్లో కొందరైనా ఉంటారు. గీత చివరనే బడి ఏ, బడి బీ అని రాసేస్తే రంగుల పట్టిక పక్కన పెట్టక్కర్లేదు. స్టడీ ఎంత పెద్దదో, ఎంత చిన్నదో ఆ ఆరు గీతలే చెప్పేస్తాయి.

చాక్‌పీస్_సారు
నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పోస్టర్లు మాకూ పంపుతుంటారు, దయచేసి తెలుగులో వేయండి. బొమ్మ పెద్దగా ఉంటే పిల్లలు చూస్తారు. గ్రాఫులు మాత్రం మా గోడ మీద ఎవరికీ పట్టవు.

ఇంకో మాట. ఈ నీలం మాత్ర సంగతి మాకు బాగా తెలుసు. వికారం వస్తుందని పిల్లలు బుగ్గన పెట్టుకుని బయట ఊసేస్తారు, కొందరు సంచిలో వేసుకుంటారు. ఇక రిజిస్టర్ అంటారా, నెలాఖరున ఒక్కసారే కూర్చుని అందరికీ టిక్కులు పెట్టే చోట్లు ఉన్నాయి. కాబట్టి "మింగిన శాతం" ఎలా లెక్కపెట్టారో ఆ పోస్టర్ మీద రాయండి బాబూ.

పల్లె_పీజీ
సార్, ఇది బడి గోడకి కాదు, కాన్ఫరెన్స్‌కి. కానీ మీరన్నది నిజమే. మింగించిన బడుల్లో మేమే కళ్లారా చూసి రాసుకున్నాం. మామూలు బడుల్లో స్కూల్ రిజిస్టర్‌నే తీసుకున్నాం.

అంకెల_అమ్మాయి
మాస్టారు అసలైన చోట వేలు పెట్టారు. ఒకవైపు కంటితో చూసిన లెక్క, ఇంకోవైపు రిజిస్టర్ లెక్క. ఆ రెండు శాతాలను పక్కపక్కన బార్లుగా నిలబెట్టకూడదు. రిజిస్టర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తే మీ తేడా అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. ఎంత తక్కువో ఎవరూ చెప్పలేరు. హిమోగ్లోబిన్‌ని మాత్రం ఆరు బడుల్లోనూ ఒకే మీటర్‌తో కొలిచారు కదా? అయితే పోస్టర్‌కి అదే ముఖ్యమైన బొమ్మ. మామూలు బడుల స్టాక్ రిజిస్టర్, మిగిలిన స్ట్రిప్పులు దొరికితే వాటి నుంచి కొంత సరిచూసుకోవచ్చు. దొరక్కపోతే మింగిన శాతం మెథడ్స్‌లో ఒక వాక్యంగా ఉంటే చాలు.

ఆరు గీతలు ఎలా వచ్చాయి?

పల్లె_పీజీ
ఒకే మీటర్ మేడమ్, కొలిచింది కూడా ఒకే టెక్నీషియన్. ఇప్పుడే గీసి చూశాను. మింగించిన మూడు బడుల్లోనూ పెరిగింది. మామూలు బడుల్లో రెండు ఉన్నచోటే ఉన్నాయి. మూడోది మాత్రం మా బడులతో దాదాపు సమానంగా పెరిగింది. బార్ గ్రాఫ్‌లో ఇది కనపడనేలేదు, కొంచెం టెన్షన్‌గా ఉంది. బడుల లెక్కన చేసినా పీ వ్యాల్యూ 0.05 లోపు వస్తుందా?

అంకెల_అమ్మాయి
బడుల మధ్య చీటీ ఎలా పడి ఉండేదో అన్న లెక్కన చేస్తే రాదు. ఆరు బడులను మూడు మూడుగా విడదీసే దారులు మొత్తం 20. మీ మూడూ పైన, మిగతా మూడూ కింద, అంత చక్కగా విడిపోయినా సరే, అటువైపూ ఇటువైపూ కలిపి 20లో 2, అంటే 0.1. అంతకంటే తగ్గదు. మీకు ఒక బడి దాదాపు కలిసిపోయింది కూడా. దాని గురించి కంగారు పడొద్దు, ఆ బడిలో ఏం జరిగిందో కనుక్కోండి. ఎవరో ఒక టీచరమ్మ తనంతట తనే ఎదుట నిలబెట్టి మింగించి ఉండొచ్చు. అలాగైతే హాల్లో మీతో మాట్లాడటానికి వచ్చేవాళ్లు అడిగేది దాని గురించే.

అట్లాంటా_తమ్ముడు
మేడమ్, మీరు చెప్పినట్టు చేస్తే పోస్టర్ మీద చెప్పడానికి ఏమీ మిగలదు. "మూడు బడుల్లో పెరిగింది, ఇంకో బడిలోనూ పెరిగింది, పీ వ్యాల్యూ రాదు" అని అంత పెద్ద అక్షరాల్లో ఎవరు వేస్తారు? హాల్లో వందల పోస్టర్లు ఉంటాయి. ఆగి చూసేలా వాక్యం ఉండాలి, జాగ్రత్తలు క్యూఆర్ కోడ్‌లో పెట్టుకోవచ్చు.

అంకెల_అమ్మాయి
క్యూఆర్ కోడ్‌ని పదిమందిలో ఎంతమంది స్కాన్ చేస్తారు తమ్ముడూ? మిగతావాళ్లు పెద్ద వాక్యాన్నే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వాక్యంలో లేని జాగ్రత్త వాళ్లతో పాటు వెళ్లదు. వాక్యాన్ని ఇలా రాయొచ్చు: "భోజనం తర్వాత టీచర్ ఎదుట ఐరన్ మాత్ర మింగించిన 3 బడుల్లోనూ హిమోగ్లోబిన్ పెరిగింది, ఎప్పటిలా పంచిన 3 బడుల్లో ఒక్కదాంట్లోనే." ఇది ఒక్క మాటే, ఆగి చూసేలాగే ఉంది, చీటీ తీసింది బడులకని దానంతటదే చెబుతుంది. "తగ్గుతుంది" అంటే అన్ని బడులకీ హామీ ఇచ్చినట్టు. "పెరిగింది" అంటే చూసింది చెప్పినట్టు.

స్కోర్‌షీట్
పోస్టర్ సెషన్లలో జడ్జిగా కూర్చుంటాను, కాబట్టి గైడ్ గారి తరఫున ఒక మాట. మేం చూసిన చాలా స్కోర్‌షీట్లలో లక్ష్యాలకి, మెథడ్స్‌కి, ఫలితాలకి, చర్చకి విడివిడిగా మార్కులుంటాయి. ఆ హెడింగులు కనపడకపోతే మార్కు ఎక్కడ వేయాలో తెలీక కొందరు సున్నా వేసేస్తారు. అది న్యాయమా అంటే కాదు, కానీ జరుగుతుంది. కాబట్టి హెడింగులు ఉంచి, ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు చాలు. రిఫరెన్సులు రెండు చాలు, మూల అడుక్కి చిన్నగా. ఏడు టేబుల్స్‌లో ఒక్కటే ఉంచండి: మొదట్లో రెండు గుంపులూ ఎలా ఉన్నాయి, ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, మధ్యలో ఎంతమంది తప్పిపోయారు. మిగతావి ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి.

అంకెల అమ్మాయి గారితో ఒక చోట విభేదిస్తాను. ఆరు గీతల బొమ్మ నిజాయితీగా ఉంటుంది, నిజమే. కానీ గీత మీద సగటు ఒక్కటే ఉంటే ఒక్కో బడిలో పిల్లల మధ్య ఎంత తేడా ఉందో తెలీదు. వెనకాల లేతగా పిల్లల చుక్కలు కూడా వేయాలని నా అభిప్రాయం.

అంకెల_అమ్మాయి
960 చుక్కలు వేస్తే మళ్లీ కళ్లు "ఎంత పెద్ద స్టడీ" అంటాయి. నేను వేయను. మీరు వేస్తానంటే ఆపను.

ఫ్లెక్స్_రాజు
ప్రింటింగ్ షాపు మాది, మెడికల్ స్టూడెంట్స్ చాలామంది వస్తారు. మీ లెక్కలు నాకు తెలీవు కానీ సైజు కనుక్కున్నారా? ఏ-జీరో అంటే 84.1 సెంటీమీటర్లు, 118.9 సెంటీమీటర్లు. మేం అడుగుల్లో కొడతాం, 3 బై 4 అంటే 91, 122. రెండింటి కొలతల నిష్పత్తి ఒకటి కాదు. ఏ-జీరో ఫైల్ ఇచ్చి "3 బై 4 కొట్టు అన్నా" అంటే ఒకవైపు సాగుతుంది, లేదా తెల్ల అంచు మిగులుతుంది. పవర్‌పాయింట్ తెరవగానే ముందు స్లైడ్ సైజు మార్చి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. గ్రాఫ్ స్క్రీన్‌షాట్ అతికించొద్దు, ఫోన్‌లో బాగానే కనపడుతుంది, ఫ్లెక్స్ మీద అంకెలు పగిలిపోతాయి. పీడీఎఫ్ చేసి తెండి. ముదురు నీలం మొత్తం పరిస్తే మడతపెట్టిన చోట తెల్ల చారలు పడతాయి, చుట్టి తీసుకెళ్లాలి.

పల్లె_పీజీ
అందరికీ థాంక్స్. బ్రోచర్‌లో ఏ-జీరో నిలువు అనే ఉంది. పైన మేడమ్ చెప్పిన వాక్యం, కింద సగం వరకు ఆరు గీతల బొమ్మ, అడుగున స్కోర్‌షీట్ గారు చెప్పిన హెడింగులు, ఒక టేబుల్. మెథడ్స్ అక్షరాలు 28 పాయింట్లు పెట్టాను, మీటరున్నర దూరం నుంచి గోడకి పెట్టి చదివి చూశాను, పర్లేదు. మామూలు బడుల్లో బాగా పెరిగిన ఆ ఒక్క బడికి సోమవారం వెళ్తున్నాను. చుక్కలు వేయాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. గైడ్ గారు మాత్రం ఇంకా ఏడు టేబుల్స్ దగ్గరే ఉన్నారు.

అట్లాంటా_తమ్ముడు
క్యూఆర్ పెడితే డ్రైవ్ లింక్ పర్మిషన్ ఓపెన్ చేసి పెట్టండి. స్కాన్ చేయగానే "యాక్సెస్ కోసం అడగండి" అని వస్తే అక్కడితో వదిలేస్తారు. వాక్యం మాత్రం నేనైతే ఇంకా కుదిస్తా.