రివ్యూ రోజే ఇంటర్వ్యూ పడింది: గైడ్‌కి ఎంతవరకు చెప్పాలి?

ఈసీఈ_ఫైనల్: గురువారం పొద్దున 10కి మా ప్రాజెక్టు రెండో రివ్యూ ఉంది. అదే రోజు 11:30కి గచ్చిబౌలిలో ఒక ఆఫ్ క్యాంపస్ ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది, నేరుగా వెళ్లాలి. మా కాలేజీ వరంగల్ దగ్గర. బ్యాచ్‌లో నలుగురం, ప్రజెంటేషన్‌లో హార్డ్‌వేర్ భాగం నాది. గైడ్ సార్ చాలా స్ట్రిక్ట్. నిజం చెప్పాలా, జ్వరం అని మెసేజ్ పెట్టాలా? టెన్షన్‌గా ఉంది.

రవి_శ్రీకాకుళం: జ్వరమనే చెప్పు తమ్ముడూ. నా ఫైనల్ ఇయర్‌లో సార్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆఫ్ క్యాంపస్‌కి ఓడీ, అంటే ఆన్ డ్యూటీ అటెండెన్స్, ఇవ్వం, రివ్యూకి రాకపోతే సున్నా" అన్నారు. ఇంటర్వ్యూ వదులుకున్నాను. ఆ తర్వాత ఏడాది ఖాళీగా ఉన్నాను. అదే రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లో పడుకున్న ఇంకొకడికి మాత్రం వారం తర్వాత రివ్యూ పెట్టారు.

మధు_జెఎన్‌టీయూ: ఫాలోయింగ్. మాకూ వచ్చే వారం ఇదే గొడవ.

పద్మజ_లెక్చరర్: నేను ఈసీఈలోనే పాఠాలు చెబుతాను, రివ్యూ కమిటీలో కూర్చుంటాను. ముందు ఒకటి తేల్చుకో బాబూ: ఇది కాలేజీలో జరిగే ఇంటర్నల్ రివ్యూనా, ఎక్స్‌టర్నల్ వైవానా? ఎక్స్‌టర్నల్ అయితే వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆ రోజే అన్ని బ్యాచ్‌లూ చూసి మార్కులు వేసి వెళ్లిపోతారు. అప్పుడు మీ గైడ్ మనసులో ఎంత జాలి ఉన్నా చేయగలిగింది తక్కువ. రెండో రివ్యూ అన్నావు కాబట్టి ఇంటర్నలే అయి ఉంటుంది. దాని తేదీ డిపార్ట్‌మెంట్ చేతిలో పని. హెచ్‌ఓడీ, గైడ్, ఒకరిద్దరు సీనియర్లు ఒప్పుకుంటే ఒక బ్యాచ్‌ని ముందు రోజు మధ్యాహ్నానికి మార్చడం కష్టం కాదు. మేం మార్చిన సందర్భాలున్నాయి. కానీ అడిగిన రోజును బట్టే అంతా ఉంటుంది. సోమవారం అడిగితే వీలవుతుంది, బుధవారం రాత్రి వాట్సాప్‌లో పెడితే ఎవరూ ఏమీ చేయలేరు.

రవి_శ్రీకాకుళం: మేడమ్, మీరు మంచివారు కాబట్టి మార్చారు. ఓడీ సంగతి చెప్పండి. ఆఫ్ క్యాంపస్‌కి ఓడీ ఇస్తారా, ఇవ్వరా?

పద్మజ_లెక్చరర్: సాధారణంగా ఇవ్వరు. ప్లేస్‌మెంట్ సెల్ పంపిన డ్రైవ్‌కే ఓడీ వస్తుంది. కానీ ఇక్కడ సమస్య ఓడీ కాదు. ఒక్క రోజు అటెండెన్స్ పోతే ఏమవుతుంది? 75 శాతం కింద ఉన్నవాళ్లకే అది భయం. పోయేది రివ్యూ మార్కులు. ఈ రెంటినీ కలపకండి.

రవి_శ్రీకాకుళం: మాకు 74 శాతం వచ్చి, కండొనేషన్ ఫీజు కట్టి, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి బయటపడ్డవాళ్లున్నారు. ఒక్క రోజు కూడా లెక్కే మేడమ్.

డాలస్_కిరణ్: అన్నా, ఇంత ఆలోచన దేనికి? నేను ఎంఎస్ చేసేటప్పుడు ప్రొఫెసర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టాను, కంగ్రాట్స్ అని రిప్లై ఇచ్చి ప్రజెంటేషన్ వారం వెనక్కి జరిపాడు. ఇక్కడ చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు, అది ప్రొఫెసర్లకూ తెలుసు. నిజం చెప్పేయ్.

సౌమ్య_కరీంనగర్: కిరణ్ గారూ, అది అందరు ప్రొఫెసర్లకీ వర్తించదు. మా అక్క కోర్సు సిలబస్‌లోనే ఉంది, ముందుగా అనుమతి లేని గైర్హాజరీకి మేకప్ లేదని. ఇంటర్వ్యూ అన్నా ఆమెకు ఒప్పుకోలేదు. సరే, అసలు విషయానికొస్తాను. మిగతా ముగ్గురి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా బ్యాచ్‌లో ఒకడు రివ్యూ పొద్దున జ్వరమన్నాడు. సెన్సర్ రీడింగ్‌లు ఎందుకు ఎగురుతున్నాయని కమిటీ అడిగితే జవాబు వాడికే తెలుసు. మేం ముగ్గురం నోరు తెరవలేక నిలబడ్డాం. మార్కులు మాకు తగ్గాయి. సాయంత్రానికి వాడి ఇంటర్వ్యూ సంగతి క్లాసంతా తెలిసిపోయింది.

రవి_శ్రీకాకుళం: మీకు మార్కులు తగ్గాయి. నాకు ఏడాది పోయింది. రెండూ ఒకటేనా?

సౌమ్య_కరీంనగర్: మీ ఏడాది మీ సార్ వల్ల పోయింది. మా మార్కులు మా ఫ్రెండ్ వల్ల పోయాయి. మీ కోపం వీడి బ్యాచ్‌మేట్‌ల మీద తీర్చుకోకండి!

పద్మజ_లెక్చరర్: ఇద్దరూ కాస్త ఆగండి. బాబూ, ఇవాళే చేయాల్సినవి చెబుతాను. ముందు హెచ్‌ఆర్‌కి రిప్లై ఇవ్వు. "గురువారం ఉదయం కాలేజీలో ప్రాజెక్టు రివ్యూ ఉంది, అదే రోజు సాయంత్రం 4 తర్వాత గానీ శుక్రవారం గానీ వీలవుతుందా, లేదా మొదటి రౌండు ఆన్‌లైన్‌లో పెట్టగలరా" అని అడుగు. చాలామంది భయపడి ఇది అడగరు. ఫ్రెషర్లకి కాలేజీ పరీక్షలుంటాయని వాళ్లకీ తెలుసు. వందల మందిని ఒకే రోజు పిలిచే డ్రైవ్ అయితే కుదరదు, విడిగా పిలిస్తే కుదరవచ్చు. జవాబు కోసం ఆగకుండా రేపు పొద్దున్నే గైడ్‌ని కలువు. మెయిల్ ప్రింట్ తీసుకెళ్లు. "సార్, ఈ ఇంటర్వ్యూ ఉంది, స్లాట్ మార్చమని అడిగాను. మారకపోతే మా బ్యాచ్ రివ్యూ బుధవారం మధ్యాహ్నం పెట్టగలరా? అదీ కుదరకపోతే నా భాగం డెమో వీడియో తీసి, ప్రశ్నలకు జవాబులు మా వాళ్లకి నేర్పించి వెళ్తాను, నన్ను విడిగా తర్వాత అడగండి" అను. ఊరికే "రాలేను సార్" అంటే ఆయన కాదనడం తేలిక. దారులు చూపిస్తే ఆయన హెచ్‌ఓడీ దగ్గరికి తీసుకెళ్లడానికి చేతిలో ఏదో ఉంటుంది.

ఈసీఈ_ఫైనల్: థ్యాంక్స్ మేడమ్. ఇంటర్నల్ రివ్యూనే. కానీ ఇందాక ఒకటి చెప్పలేదు. నాకు క్యాంపస్‌లో ఇప్పటికే ఒక ఆఫర్ ఉంది. ఒక ఆఫర్ వస్తే ఇంకో డ్రైవ్‌కి కూర్చోకూడదని మా కాలేజీ రూల్. మెయిల్ చూపిస్తే సార్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి, అదే టీపీఓకి చెబుతారేమోనని భయం.

మధు_జెఎన్‌టీయూ: ఓహ్, అదా సంగతి.

రవి_శ్రీకాకుళం: చూశారా! నేను మొదటినుంచీ అంటున్నది ఇదే. కాలేజీలో నిజం చెప్పడమంటే గైడ్ ఒక్కడికే చెప్పడం కాదు, టీపీఓకీ చెప్పడమే. నిజాయితీ వీడి దగ్గరే ఎందుకు అడుగుతారు? ఆ ఆఫర్ జాయినింగ్ తేదీ ఎప్పుడో కంపెనీ వీడికి చెప్పిందా? ఆఫర్ ఇచ్చి నెలల తరబడి పిలవకపోతే కాలేజీ జీతం ఇస్తుందా?

పద్మజ_లెక్చరర్: ఈ మాటలో న్యాయం ఉంది, కాదనను. ఆ రూల్ క్యాంపస్ డ్రైవ్‌లలో ఇంకొకరి అవకాశం పోకూడదని పెట్టింది. బయట సొంతంగా అప్లై చేసుకుంటే నా లెక్కలో దానికి వర్తించదు. కానీ మీ కాలేజీ కాగితం మీద ఏం రాయించుకుందో చూడు, కొన్ని చోట్ల ఆఫ్ క్యాంపస్ కూడా కలిపి అండర్‌టేకింగ్ తీసుకుంటారు. లేకపోతే కంపెనీ పేరు చెప్పాల్సిన పని లేదు, మెయిల్‌లో తేదీ, సమయం కనిపించేలా మిగతాది మూసి ప్రింట్ తీయొచ్చు. అడిగితే మాత్రం అబద్ధం వద్దు, "పేరు ఇప్పుడే చెప్పలేను సార్" అను. జ్వరం కథకి సర్టిఫికెట్ కావాలి. అక్కడినుంచి అది దొంగ కాగితం అవుతుంది. పైగా ఉద్యోగం వస్తే ఆఫర్ లెటర్ కాపీ న్యాక్ ఫైల్ కోసం కాలేజీయే అడుగుతుంది. ఇంటర్వ్యూ ఏ రోజు జరిగిందో అప్పుడు తెలియకుండా ఉంటుందా?

రవి_శ్రీకాకుళం: పేరు మూసి చూపించడం దాచడం కాదా? సగం నిజానికి మీరు ఒప్పుకుంటారు, జ్వరానికి ఒప్పుకోరు.

సౌమ్య_కరీంనగర్: పేరు దాస్తే నష్టం ఎవరికీ లేదు. రాకపోవడం దాస్తే ముగ్గురికి నష్టం. నాకు తేడా అక్కడే.

రవి_శ్రీకాకుళం: సార్‌కి కోపం వచ్చి నలుగురికీ మార్కులు కోస్తే? అప్పుడు మీ నిజం ఆ ముగ్గురినీ కాపాడుతుందా?

పద్మజ_లెక్చరర్: అలాంటి గైడ్‌లూ ఉన్నారు, లేరని నేను చెప్పలేను. అందుకే హెచ్‌ఓడీకి కూడా మెయిల్ పెట్టమంటాను, విషయం ఒక్కరి కోపం మీద ఆధారపడకుండా.

ఈసీఈ_ఫైనల్: అండర్‌టేకింగ్ చూశాను, క్యాంపస్ డ్రైవ్‌ల గురించే ఉంది. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. బ్యాచ్ వాళ్లకి చెప్పాను, ఇద్దరు సరే అన్నారు, ఒకడు మాట్లాడట్లేదు. రేపు 9కి సార్‌ని కలుస్తాను.

రవి_శ్రీకాకుళం: సార్ ఏమన్నారో ఇక్కడ రాయి తమ్ముడూ. నేను చెప్పిందే జరిగితే నాకు సంతోషం ఏమీ ఉండదు.