బిల్లు 500కి, సరుకు 480: మొత్తం ఆపాలా, కోసి ఇవ్వాలా?

అకౌంట్స్‌లో కొత్త: పీఓలో 500 బేరింగులు, ఒక్కోటి 200 రూపాయలు. స్టోర్స్ వాళ్లు సరుకు అందినట్టు రాసే జీఆర్ఎన్ 480కే వేశారు. సప్లయర్ బిల్లు 500కి, 18% జీఎస్టీతో 1,18,000. మొత్తం ఆపమని మా మేనేజర్, వచ్చినంతకు ఇచ్చెయ్యమని పర్చేజ్ వాళ్లు. ఏం చేయాలి?

ట్యాలీ పాతకాపు: దీనికింత టెన్షన్ దేనికి? 20కి మీరే డెబిట్ నోట్ కొట్టి 1,13,280 పంపేయండి. మేం ఎప్పుడూ అంతే.

ఆడిట్ అక్క: లెక్క కరెక్టే గానీ పని సగమే అయింది. మీ డెబిట్ నోట్‌తో మీ పుస్తకాల్లో బాకీ తగ్గుతుంది, సప్లయర్ కట్టాల్సిన జీఎస్టీ తగ్గదు. అది ఆయన క్రెడిట్ నోట్ ఇస్తేనే తగ్గుతుంది. అప్పటిదాకా మీ ఇన్‌పుట్ క్రెడిట్ చూపించే GSTR-2Bలో 18,000 కనిపిస్తూనే ఉంటుంది, అందులో రాని సరుకు తాలూకు 720 మీకు దక్కదు.

ముందు సప్లయర్‌కి ఫోన్ చేసి ఆ 20 ఇంకా పంపుతాడో లేదో కనుక్కోండి. పంపుతానంటే పీఓ తెరిచే ఉంచండి. ఒకే బిల్లు సరుకు విడతలుగా వస్తే చివరి విడత చేరాకే ఇన్‌పుట్ క్రెడిట్, కాబట్టి 18,000 మొత్తం అప్పటిదాకా ఆగాల్సిందే. పంపనంటే క్రెడిట్ నోట్ అడిగి, పీఓని 480తో మూసేయండి.

స్టోర్స్ బాబాయ్: అసలా 480 ఎవరు లెక్కపెట్టారమ్మా? మేమోసారి ఇలాగే సప్లయర్‌ని నానా మాటలూ అన్నాం. తీరా చూస్తే ఒక పెట్టె ఇన్‌స్పెక్షన్ బల్ల కింద, సీలు కూడా తియ్యకుండా ఉంది! ముందు లారీ వాళ్లిచ్చే రసీదు, ఎల్ఆర్ కాపీ తీసి చూడండి. దాని మీద "20 తక్కువ" అని రాసి డ్రైవర్ చేత సంతకం పెట్టించి ఉంటే మీ మాట నిలుస్తుంది. ఇంకో మాట, జీఆర్ఎన్‌ని 500గా దిద్దమంటే మాత్రం ససేమిరా అనండి. అలా దిద్దిన సరుకు ఏడాది చివర స్టాక్ లెక్కలో నా మెడకే చుట్టుకుంది.

నట్లు బోల్ట్లు: మాదీ ఇదే గోల. 50 కిలోలు ఆర్డరిస్తే 52 వస్తాయి, బిల్లేమో నంబర్లలో ఉంటుంది. ఎక్కువొచ్చింది వెనక్కి పంపాలా?

ఆడిట్ అక్క: మీది వేరే కథ అండి. కిలోకి ఎన్నో ఐటమ్ మాస్టర్‌లో పెట్టుకోండి. ఎంత శాతం ఎక్కువైతే తీసుకుంటారో పీఓలోనే రాయండి.

ట్యాలీ పాతకాపు: సరే అక్కా, 1,13,280 చేతికందాక సప్లయర్ క్రెడిట్ నోట్ ఇస్తాడా? మేనేజర్ చెప్పిందే నయం, మొత్తం ఆపితేనే కదులుతాడు.

ఆడిట్ అక్క: పెద్ద కంపెనీ అయితే ఆపి చూడొచ్చు. ఎంఎస్ఎంఈలో నమోదైన చిన్న సంస్థ అయితే సరుకు చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. చెప్పకపోతే చేరిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటితే వడ్డీ పడుతుంది. 4,720 కోసం లక్షా పదమూడు వేలు బిగబట్టడం నాకైతే నచ్చదు.

ట్యాలీ పాతకాపు: నాకు నచ్చుతుంది.

అకౌంట్స్‌లో కొత్త: ఎల్ఆర్ చూశాను బాబాయ్. సెక్యూరిటీ స్టాంపు ఉంది, రాత ఏమీ లేదు. బల్ల కింద కూడా వెతికించాను, లేవు. సప్లయర్ చిన్న సంస్థే, సరుకొచ్చి ఇవాళ్టికి 12 రోజులు. అభ్యంతరం మెయిల్ ఇప్పుడే పంపాను. పేమెంట్ సంగతి మేనేజర్ ఇంకా తేల్చలేదు.