ప్యానెల్‌లో మూడు వాక్యాల పరిచయం: మూడోది ఉంచాలా, తీసేయాలా?

ఎల్లుండి ‘చిన్న తరగతులకు హోంవర్క్ అవసరమా’ అనే చర్చలో నేనూ ఒక ప్యానెలిస్టుని. చర్చ మొదలయ్యేముందు ఒక్కొక్కరూ మూడు వాక్యాల్లో తమ గురించి, తమ అభిప్రాయం గురించి చెప్పాలట. నా పేరు, ఉద్యోగం మోడరేటరే చదువుతారు కాబట్టి వాటిని వదిలేసి ఇలా రాసుకున్నాను:

“పన్నెండేళ్లుగా రెండో తరగతికి పాఠాలు చెబుతున్నాను. ఈ వయసులో రాత హోంవర్క్ వద్దంటాను, ఎందుకంటే నా దగ్గరకొచ్చే నోటుపుస్తకాల్లో సగం అమ్మానాన్నల చేతిరాతే. అయితే రోజూ పది నిమిషాలు పైకి చదివించడం మాత్రం ఉండాలి.”

గడియారం పెట్టి చదివితే అర నిమిషం కూడా పట్టలేదు. చిక్కల్లా మూడో వాక్యంతోనే. అది నా వాదనకు హద్దు గీస్తుందని నా ఉద్దేశం. విన్న స్నేహితురాలేమో “మొదట్లోనే వెనక్కి తగ్గినట్టుంది, ఎదుటివాళ్లు అడిగినప్పుడు చెప్పు” అంటోంది. ప్యానెల్స్‌లో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, దాన్ని దాచుకోవాలా? దాస్తే ఆ మూడో వాక్యం స్థానంలో ఏం పెట్టాలి?