అమ్మకాల బృందానికి ఓకేఆర్ రాస్తే పనుల జాబితా అయిపోతోంది, ఎలా సరిచేయాలి?

కొత్త మేనేజర్ (ప్రశ్న):
నాతో కలిపి మొత్తం ఐదుగురం. చిన్న సంస్థలకు ఖాతాలు, సరుకు నిల్వలు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. వచ్చే త్రైమాసికం నుంచి ఓకేఆర్ పద్ధతిలో, అంటే ఒక లక్ష్యం, దాన్ని చేరామో లేదో కొలిచే కొన్ని కీలక ఫలితాలు రాసుకుని, నడపాలని పైనుంచి చెప్పారు. నేను రాసినది ఇది.

లక్ష్యం: అమ్మకాలు పెంచడం.
కీలక ఫలితాలు: ఒక్కొక్కరు రోజుకు 40 ఫోన్లు చేయాలి. వారానికి 6 డెమోలు ఇవ్వాలి. డెమో అయిన 24 గంటల్లో కొటేషన్ పంపాలి. కస్టమర్ల రికార్డు ఉంచే సీఆర్ఎం సాఫ్ట్‌వేర్‌లో వివరాలు ప్రతిరోజూ నింపాలి.

మా వాళ్లు చూసి, "ఇది పాత రోజువారీ రిపోర్టే కదండీ, పేరు మార్చారు" అన్నారు. వాదించడానికి నాకు మాట దొరకలేదు. పోయిన త్రైమాసికం లెక్కలు ఉన్నాయి: 48 కొటేషన్లు ఇచ్చాం, 9 అమ్మకాలు అయ్యాయి. మొదటి ఎంక్వైరీ నుంచి డబ్బు చేతికొచ్చేసరికి సుమారు 50 రోజులు పడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫలితమే ముఖ్యం:
చాలా సులభం. ఫోన్లూ డెమోలూ కొట్టేయండి. అమ్మకాల మొత్తాన్ని 30 శాతం పెంచాలని ఒకే కీలక ఫలితం పెట్టండి. అదే అసలైన ఫలితం, మిగతావన్నీ పనులే. ఎలా సాధిస్తారో వాళ్ల ఇష్టానికి వదిలేయండి.

షోరూమ్ అనుభవం:
మా షోరూమ్‌లో కౌంటర్ అమ్మకాలకు రోజుకు ఇంతమందిని పలకరించాలని పెట్టాం, బాగా పనిచేసింది. వచ్చినవాళ్లను ఎవరూ పట్టించుకోకపోవడమే మా సమస్య కాబట్టి ఆ లెక్క సరిపోయింది. మీరూ ఫోన్ల లెక్క తీసేయకండి. రోజువారీ లెక్కలు ఆటోమేటిక్‌గా వచ్చే యాప్‌లు ఉన్నాయి, కావాలంటే చెబుతాను.

పాతకాపు:
యాప్ సంగతి తర్వాత చూద్దాం, వారి ప్రశ్న అది కాదు.

"ఫలితమే ముఖ్యం" గారు చెప్పినదాంట్లో సగం నిజం. అమ్మకాల మొత్తం ఫలితమే, కాదనను. కానీ అది మీ బృందానికి ఇప్పటికే ఉన్న టార్గెట్. దాన్నే తెచ్చి ఓకేఆర్ కాగితం మీద మళ్లీ రాస్తే ఈ మూడు నెలల్లో ఏం మారాలో ఎవరికీ తెలియదు. పైగా 50 రోజులు పట్టే వ్యాపారంలో, త్రైమాసికం మొదలైన ఆరో వారం తర్వాత వచ్చిన ఎంక్వైరీలో ఎక్కువ భాగం ఆ లెక్కలోకే రాదు. అంటే మీరు చేసిన మార్పు పనిచేసిందో లేదో తెలిసేసరికి త్రైమాసికం ముగిసిపోతుంది.

పనికీ ఫలితానికీ తేడా పట్టుకోవడానికి నేను చూసేది ఒక్కటే: వాక్యంలో కర్త ఎవరు? "మనం ఫోన్ చేస్తాం", "మనం పంపుతాం" అని ఉంటే అది పని. అవతల ఎవరూ ఫోన్ ఎత్తకపోయినా 40 ఫోన్లు పూర్తయ్యాయని గీత గీయవచ్చు. "కస్టమర్ ఒప్పుకున్నాడు", "కస్టమర్ వచ్చాడు", "కస్టమర్ తేల్చి చెప్పాడు" అని ఉంటే అది ఫలితం. దాన్ని మనం సాధించుకోవాలే తప్ప కుర్చీలో కూర్చుని పూర్తిచేయలేం. మీ నాలుగింటిలో ఒక్కదాంట్లో కూడా కస్టమర్ కర్తగా లేడు.

ఇప్పుడు నాకో వివరం కావాలి. 48లో 9 పోగా మిగిలిన 39 ఏమయ్యాయి?

కొత్త మేనేజర్:
ఇప్పుడే విడదీసి చూశాను. 14 మంది వద్దని స్పష్టంగా చెప్పారు, కొందరు వేరే కంపెనీది తీసుకున్నారు. మిగతా 25 మంది నుంచి నెల దాటినా ఏ జవాబూ లేదు. మా వాళ్లు ఫాలోఅప్ చేస్తూనే ఉన్నారు. "చూస్తాం", "వచ్చే వారం చెబుతాం" అంటున్నారట.

పాతకాపు:
అయితే మీరు పోటీలో ఓడిపోవడం లేదు. జవాబు చెప్పిన 23 మందిలో 9 మంది కొన్నారు, అది చెడ్డ లెక్క కాదు. జవాబే రాని 25 దగ్గర చిక్కు ఉంది. రోజుకు 40 ఫోన్లు చేసి కొత్త ఎంక్వైరీలు తెస్తే ఆ గుంపు ఇంకా పెద్దదవుతుంది, అంతే.

ఇంకొక్క పని చేయండి. ఆ 25 ఫైళ్లు తీసి, డెమోలో అవతలి వైపు ఎవరు కూర్చున్నారో రాయండి. గెలిచిన 9, ఓడిన 14 కూడా అలాగే చూడండి.

కొత్త మేనేజర్:
చూశాను. జవాబు రాని 25లో 19 చోట్ల డెమో చూసింది అకౌంటెంటో ఆఫీసు సిబ్బందో మాత్రమే. యజమాని చూసినవి 6. గెలిచిన 9లో 7 చోట్ల యజమాని ఉన్నారు. ఓడిన 14లో 6. మొత్తం మీద 48లో 19. ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు.

పాతకాపు:
ఇక రాయడం తేలిక. నేనైతే ఇలా రాస్తాను.

లక్ష్యం: కొటేషన్ తీసుకున్న సంస్థలు మనల్ని నాన్చకుండా అవుననో కాదనో తేల్చి చెప్పాలి.

మొదటి కీలక ఫలితం: కొటేషన్ ఇచ్చిన 30 రోజుల్లోపు స్పష్టమైన జవాబు ఇచ్చే సంస్థలు నూటికి 48 నుంచి 70కి చేరాలి.
రెండోది: కొనాలా వద్దా నిర్ణయించే మనిషి కొటేషన్‌కు ముందే డెమో చూసిన సంస్థలు నూటికి 40 నుంచి 65కి చేరాలి.
మూడోది: కొన్న సంస్థలు 9 నుంచి 14కి చేరాలి, సగటు డిస్కౌంటు పోయిన త్రైమాసికం కంటే పెరగకుండా.

మూడూ ఒకేసారి కదలవు. రెండోది రెండు మూడు వారాల్లోనే తెలుస్తుంది, మొదటిది నెల దాటాక, మూడోది చివర్లో. అందుకే ఆ మూడింటినీ కలిపి పెట్టాను. ఒక జాగ్రత్త: త్రైమాసికం ఆఖరి నెలలో ఇచ్చిన కొటేషన్లకు 30 రోజులు నిండవు. మొదటిదాని లెక్కలో వాటిని వదిలేసి, త్రైమాసికానికి ముందు నెలలో ఇచ్చినవాటిని కలుపుకోండి. లేకపోతే ప్రతిసారీ చివర్లో అంకె అకారణంగా పడిపోతుంది.

మీ పాత నాలుగు పనులూ ఎక్కడికీ పోవు, వేరే కాగితం మీదికి వెళతాయి. సోమవారం పావుగంట కూర్చుని, "యజమానిని డెమోకు రప్పించడానికి ఈ వారం ఏం చేసి చూద్దాం?" అని అడగండి. ఒకరు డెమో తేదీ ఖాయం చేసేటప్పుడే యజమానికి వీలైన సమయం అడిగి చూస్తారు. ఇంకొకరు అకౌంటెంటుకు ఒక డెమో, యజమానికి పావుగంట డెమో విడిగా పెడతారు. నాలుగు వారాలైనా రెండో అంకె కదలకపోతే పనులు మార్చండి, కీలక ఫలితాన్ని ముట్టుకోకండి. పనుల కాగితాన్ని ప్రతి వారం కొట్టేసి తిరగరాయవచ్చు కాబట్టే దాన్ని వేరుగా ఉంచమంటున్నాను.

లెక్కల మనిషి:
రెండు అభ్యంతరాలు.

ఒకటి, యజమాని డెమోకు వచ్చినందుకే కొన్నారని ఎలా చెప్పగలం? ముందే కొనాలనే ఆలోచన ఉన్న యజమానే డెమోకు వచ్చి కూర్చుంటాడు. బలవంతాన రప్పించినంత మాత్రాన కొంటాడని లేదు.

రెండు, 48 చాలా చిన్న సంఖ్య. మీరు ఏమీ మార్చకపోయినా ఒక త్రైమాసికంలో 6 రావచ్చు, మరోసారి 12 రావచ్చు. 12 వచ్చిందని పండగ చేసుకోవడానికి లేదు, 7 వచ్చిందని బృందాన్ని తిట్టడానికీ లేదు.

పాతకాపు:
రెండూ ఒప్పుకుంటాను. మొదటిది ఊహే. అయితే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టడం వల్ల ఆ ఊహ తప్పైతే బయటపడుతుంది. యజమానులు 65 శాతం డెమోలకు వచ్చినా జవాబులు 48 దగ్గరే ఆగిపోతే, అసలు కారణం వేరే ఉంది. అది తెలిసినా ఆ త్రైమాసికం వృథా కాదు. రెండోదానికి, మూడో కీలక ఫలితాన్ని రెండు త్రైమాసికాలు కలిపి చూడటం మేలు. మొదటి రెండింటిలో మనం అడుగుతున్న మార్పు పెద్దది కాబట్టి, అక్కడ యాదృచ్ఛికమా కాదా అన్న అనుమానం తక్కువ.

ఫలితమే ముఖ్యం:
"స్పష్టమైన జవాబు" అన్నారు. మా దగ్గర ఇలాంటిది పెడితే ఏం జరుగుతుందో చెప్పనా? మెత్తగా ఉన్న కస్టమర్లందర్నీ ఆఖరి వారంలో "ఆసక్తి లేదు" అని మూసేస్తారు. అంకె 70 దాటుతుంది, అమ్మకం మాత్రం పెరగదు.

పాతకాపు:
ఇది మంచి మాట. నిజంగా జరుగుతుంది. గుర్తుపట్టడమూ కష్టం కాదు: "కాదు"లన్నీ నెలాఖరుకే పోగుపడతాయి, కారణం అన్న చోట అందరికీ ఒకే మాట ఉంటుంది. కస్టమర్ తన నోటితో చెప్పిన కారణమో రాసి పంపినదో ఉంటేనే జవాబుగా లెక్కించండి. మన వాళ్ల అభిప్రాయం జవాబు కాదు. నెలకోసారి అలా మూసిన నాలుగైదింటికి మేనేజర్ స్వయంగా ఫోన్ చేస్తే ఇంకా మంచిది.

కొత్త మేనేజర్:
చాలా స్పష్టమైంది. రెండు సందేహాలు మిగిలాయి. పైవాళ్లు ఈ మూడింటినీ నలుగురికీ విడివిడిగా పంచి, ఇన్సెంటివ్ కూడా దానికే ముడిపెట్టమంటున్నారు. రెండోది, నలుగురిలో ఒకరు పోయిన నెలలోనే చేరారు. వారి చేతిలో ఇంకా కొటేషన్లే లేవు.

పాతకాపు:
పంచకండి. 48ని నలుగురికి పంచితే తలా 12. అందులో ఒక్క కస్టమర్ అటూ ఇటూ అయినా నూటికి 8 మారుతుంది. "లెక్కల మనిషి" గారు చెప్పిన అనుమానం ఇక్కడ ఇంకా గట్టిది. ఇన్సెంటివ్‌ను అమ్మకాల టార్గెట్ దగ్గరే ఉంచండి. డబ్బు ముడిపెడితే వచ్చే త్రైమాసికం 65 అని రాయాల్సిన చోట 45 రాస్తారు, దాన్ని నిక్షేపంగా సాధిస్తారు.

లెక్కల మనిషి:
పంచకూడదనే మాట సరే. ఇన్సెంటివ్ విషయంలో నాకు అంత నమ్మకం లేదు. జీతంలో పెద్ద భాగం అమ్మకాల మీదే వచ్చే చోట, డబ్బుతో సంబంధం లేని అంకెను ఎవరు పట్టించుకుంటారు? నెలాఖరున టార్గెట్ దగ్గరపడితే యజమాని డెమో అనే మాటే మరిచిపోతారు. బృందమంతా కలిసి రెండో కీలక ఫలితం సాధిస్తే అందరికీ సమానంగా చిన్న మొత్తం ఇవ్వడంలో తప్పేముంది?

పాతకాపు:
అందరికీ సమానంగా అయితే నా అభ్యంతరం కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. చిన్న మొత్తమైనా అంకెను తగ్గించి రాయాలనే ఆశ ఉంటుంది.

షోరూమ్ అనుభవం:
కొత్తగా చేరినవారి విషయంలో మాత్రం నా మాట వినండి. ఫోన్ల లెక్క వారికి పెట్టాల్సిందే. ఏమీ తెలియని మనిషికి "యజమాని రావాలి" అని చెబితే ఎక్కడ పట్టుకోవాలో అర్థం కాదు.

పాతకాపు:
ఈసారి మీతో ఏకీభవిస్తాను. మొదటి రెండు మూడు నెలలు వారికి రోజువారీ లెక్క ఉండాలి. దాన్ని ఓకేఆర్ కాగితంలో కాకుండా శిక్షణ ప్రణాళికలో రాయండి. యజమానితో మాట్లాడే డెమోల్లో సీనియర్ పక్కన కూర్చోబెట్టండి.

కొత్త మేనేజర్:
మూడూ అలాగే రాసి పైకి పంపుతున్నాను. పంచే విషయంలో 12 లెక్క చూపిస్తాను. ఇన్సెంటివ్ మీద వాళ్లు ఏమంటారో తెలిశాక ఇక్కడ రాస్తాను. ఈలోగా ఎవరి దగ్గరైనా బృందానికి సమానంగా ఇచ్చే పద్ధతి నడుస్తుంటే, అంకెలు తగ్గించి రాయకుండా ఎలా ఆపుతున్నారో చెప్పగలరా?