ఆలస్యానికి సున్నా, కాపీకి "తగిన చర్య": సిలబస్‌లో ఈ రూల్ ఎట్లా మార్చాలి?

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

వచ్చే సెమిస్టర్‌కు నా సిలబస్ షీట్ మళ్లీ రాస్తున్నాను. ఇప్పుడున్నది రెండే లైన్లు: "గడువు దాటిన అసైన్‌మెంట్ తీసుకోబడదు. కాపీ అని తేలితే తగిన చర్య ఉంటుంది." అసైన్‌మెంట్‌కు 10 మార్కులు. ఆలస్యానికి ఎంత కోయాలి, కాపీకి ఎంత కోయాలి? పిల్లలకు అన్యాయం కాకూడదు, నాకు రోజూ పంచాయితీ ఉండకూడదు.

పాలమూరు ఇంగ్లిష్ సార్

కొత్తగా రాసేదేముంది మేడం? యూజీసీ 2018లోనే చెప్పింది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 వరకు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అదే దించి పెట్టండి, ఎవరూ అడగరు.

మిర్యాలగూడ నాన్న

లేట్ ఫైన్ గురించే కదా? మా అమ్మాయి ఎగ్జామ్ ఫీజు రెండు రోజులు ఆలస్యమైతే ఫైన్ కట్టించుకున్నారు. రశీదు అడిగితే రేపు రమ్మన్నారు.

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

అది ఫీజు సంగతి అన్నా, ఇది అసైన్‌మెంట్. రశీదు మాత్రం వదలకండి.

పాత ఎగ్జామ్ బ్రాంచ్

ఇంగ్లిష్ సార్, మీరు చెప్పిన మెట్లు నిజమే. కానీ అవి థీసిస్, డిసర్టేషన్లకు. "స్క్రిప్ట్" అంటే ఏమిటో అదే నిబంధనల్లో చెప్పిన చోట అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, జవాబు పత్రాలు ఇందులోకి రావని రాసి ఉంది. డిగ్రీ పిల్లల పది మార్కుల అసైన్‌మెంట్‌కు అది తెచ్చి పెడితే, రేపు ఎవరైనా ఆ పేజీ తీసి చూపిస్తే మీ దగ్గర జవాబు ఉండదు. పైగా చేత్తో రాసిన తెల్ల కాగితాలకు శాతం ఎవరు తీస్తారు?

మేడం, మీరు రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగారు. ముందు ఒకటి చెప్పండి, కాపీ దొరికితే ఇప్పటిదాకా మీరు చేసిన "తగిన చర్య" ఏమిటి?

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

తిట్టి సగం మార్కులు వేస్తాను, అంతే. పోయినసారి మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ మీద రాయమన్నాను. 62 పేపర్లు వచ్చాయి. పదకొండింటిలో "లీటరుకు 15 మిల్లీగ్రాముల వరకు తాగవచ్చు" అని ఉంది. ఉండాల్సింది 1.5. ఎవరో ఒకరు చుక్క మరిచిపోయారు, మిగతా పది మంది ఆ చుక్క లేకుండానే ఎక్కించుకున్నారు. నల్లగొండలో పుట్టి, వంకర్లు పోయిన కాళ్లు కళ్లారా చూసిన పిల్లలు పదిహేను అని రాశారు! అక్షరాలు వేరు, ఇంకులు వేరు, తప్పు ఒక్కటే.

పాత ఎగ్జామ్ బ్రాంచ్

అదే అసలు చిక్కు. మీ పిల్లవాడి లెక్క వేసి చూడండి. రేపు గడువు, రాత్రి తొమ్మిదైంది, ఏమీ రాయలేదు. సొంతంగా రాసి ఎల్లుండి ఇస్తే సున్నా. ఫ్రెండ్ పేపర్ దించి రేపే ఇస్తే, దొరక్కపోతే ఏడెనిమిది, దొరికితే మూడున్నరో నాలుగో. ఏ దారిలో పోతాడు? మీ రూలే వాడిని కాపీ వైపు తోస్తోంది. ఆలస్యం కోతను, కాపీ కోతను పక్కపక్కన పెట్టి చూడకుండా ఏది రాసినా ఇదే అవుతుంది. ఆలస్యంగానైనా సొంతంగా రాసినవాడికి, కాపీ కొట్టి దొరికినవాడికంటే ఎప్పుడూ ఎక్కువే రావాలి.

దేవరకొండ బస్సు

మేడం, నేను థర్డ్ ఇయర్. వేరే కాలేజీ లెండి. పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో అందరం చేన్లోనే. ఒకసారి అసైన్‌మెంట్ రాసుకుని బయలుదేరితే బస్సు దొరకలేదు. నాలుగింటికి గడువు, నేను నాలుగున్నరకు చేరాను. సార్ తీసుకోలేదు. నా పేపర్ చూసి రాసిన వాడికి తొమ్మిది వచ్చాయి.

ఫిజిక్స్, సూర్యాపేట

కారణాలు వినడం మొదలుపెడితే అంతు ఉండదు తమ్ముడూ. ఒకరికి పత్తి, ఒకరికి పెళ్లి, ఒకరికి జ్వరం. బాగా మాట్లాడేవాడికి గడువు దొరుకుతుంది, బిడియస్తుడికి సున్నా.

పాత ఎగ్జామ్ బ్రాంచ్

అందుకే కారణం అడగొద్దు. సెమిస్టర్‌కు రెండు రోజుల సడలింపు అందరికీ ఇవ్వండి. పేపర్ మీద "సడలింపు 1" అని రాసి ఇస్తే చాలు, ఎందుకని అడగరు. అవి అయిపోయాక కోత మొదలు.

ఆ కోత రాసేటప్పుడు "రోజుకు 10 శాతం" అని మాత్రం రాయకండి. ఆరు మార్కులు వచ్చినవాడు మూడు రోజులు ఆలస్యం అనుకోండి. మొత్తం పదిలో శాతం అంటే మూడు పోయి మూడు మిగులుతాయి. వచ్చిన ఆరులో శాతం అంటే 4.2 మిగులుతాయి. ఒకే వాక్యం, రెండు మార్కులు, పంచాయితీ అక్కడే పుడుతుంది. "వచ్చిన మార్కుల్లోంచి పనిదినానికి 1 మార్కు" అని రాయండి. పనిదినం అంటే ఆదివారం గొడవ కూడా ఉండదు.

ఫిజిక్స్, సూర్యాపేట

రెండు రోజులు ఊరికే ఇస్తే గడువు రెండు రోజులు వెనక్కి జరిగినట్టే. టైముకు ఇచ్చినవాడు పిచ్చోడా?

పాత ఎగ్జామ్ బ్రాంచ్

సెమిస్టర్ మొత్తానికి రెండు రోజులు సార్, ఒక్కో అసైన్‌మెంట్‌కు కాదు. మొదటిదానికే వాడేసినవాడికి చివర్లో ఏమీ మిగలదు. అయినా మీ మాటలో కొంత న్యాయముంది, కొందరు అలాగే జరుపుకుంటారు.

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

ఇట్లా రాశాను, చూడండి.

"గడువు: బుధవారం సాయంత్రం 4 గంటలు. సెమిస్టర్‌కు 2 పనిదినాల సడలింపు, కారణం చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత వచ్చిన మార్కుల్లోంచి పనిదినానికి 1 మార్కు తగ్గుతుంది, మొత్తం 4కు మించి తగ్గదు. దిద్దిన పేపర్లు క్లాసులో పంచాక తీసుకోను. పుస్తకంలోంచి, ఫోన్లోంచి వాక్యం తీసుకుంటే ఎక్కడిదో కింద రాయాలి. ఇంకొకరి పేపర్ ఎక్కించుకోవడం కాపీ. కలిసి చదువుకుని ఎవరి మాటల్లో వాళ్లు రాయడం కాపీ కాదు. అనుమానం వస్తే పిలిచి ఐదు నిమిషాలు అడిగాకే నిర్ణయం. మొదటిసారి: వారంలో మళ్లీ రాయాలి, గరిష్ఠం 5 మార్కులు. రెండోసారి: సున్నా, హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా."

దేవరకొండ బస్సు

మేడం, ఏమనుకోకండి. నేను సొంతంగా రాస్తే ఆరు వస్తాయి, నాలుగు రోజులు ఆలస్యమైతే రెండు. కాపీ కొట్టి దొరికితే మళ్లీ రాసి ఐదు తెచ్చుకోవచ్చు. కాపీ కొట్టినోడే నయం కదా?

పాత ఎగ్జామ్ బ్రాంచ్

తమ్ముడు పట్టేశాడు. నేను రెండుసార్లు చదివి కూడా చూడలేదు.

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

నిజమే. అయితే ఆలస్యం కోత మొత్తం 3కు మించదు. సొంత పేపర్‌కు 4 లేదా ఆ పైన వస్తే, ఎంత ఆలస్యమైనా 3 కంటే కిందికి పోనివ్వను. కాపీ కొట్టి మళ్లీ రాసినవారికి గరిష్ఠం 2. ఇప్పుడు సరిపోయిందా?

పాలమూరు ఇంగ్లిష్ సార్

లెక్క కుదిరింది. కానీ పేపర్ ఇచ్చినవాడి సంగతి? మీ పదకొండు మందిలో మొదట చుక్క మరిచిపోయినవాడు ఎవరో తెలుసా? వాడు సొంతంగానే రాశాడు.

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

తెలియదు సార్. అందరినీ పిలిచి 1.5 ఎందుకు ముఖ్యమో అడిగాను. ఒక అమ్మాయి మాత్రమే చెప్పింది. ఆ అమ్మాయిదే అసలు పేపర్ అని నా అనుమానం, కానీ ఆమె పేరు ఎవరూ చెప్పలేదు.

ఫిజిక్స్, సూర్యాపేట

ఇచ్చినవాళ్లకూ అదే కోత పెట్టండి. లేకపోతే హాస్టల్లో పేపర్లు తిరుగుతూనే ఉంటాయి.

దేవరకొండ బస్సు

అడిగితే ఇవ్వనంటే రూమ్‌లో ఉండనివ్వరు సార్. నేను ఇచ్చింది కూడా అట్లనే.

కెమిస్ట్రీ మేడం, నల్లగొండ

ఆ ఒక్క లైను ఖాళీగా ఉంచాను. జూన్‌లోగా రాయాలి.