భోజన విరామం ప్రకటన: చివరి ప్రసంగానికి ముందా, తర్వాతా?

గుంటూరు టీచర్: వచ్చే నెల మా కాలేజీలో తెలుగు ఉపాధ్యాయుల ఒకరోజు సదస్సు ఉంది. 400 మంది వస్తారు, వ్యాఖ్యాతను నేనే. పొద్దున అందరూ పెద్ద హాల్లో, మధ్యాహ్నం మూడు చోట్ల. అందులో ఒక గది మారింది. భోజనం టైము, మళ్ళీ లోపలికి రావడం, గదుల మార్పు ఇవన్నీ చివరి ప్రసంగానికి ముందే చెప్పేయమని కమిటీలో సగం మంది, తర్వాతే చెప్పాలని మిగతా సగం. ఏది సరైనది? ఎలా చెప్పాలి?

పాత వ్యాఖ్యాత, హన్మకొండ: తర్వాతే చెప్పండి. కానీ ఎంత తర్వాత అన్నదే అసలు సంగతి. మన సభల్లో ప్రసంగం అవగానే శాలువా, జ్ఞాపిక, ఫొటోలు ఉంటాయి. శాలువా వేదిక ఎక్కేసరికి వెనక వరుసల్లో కుర్చీలు కదులుతాయి. ఇక మీరు ఎంత గట్టిగా చెప్పినా వినపడదు. చప్పట్లు ఆగిన వెంటనే, శాలువాకు ముందు, మైకు మీ చేతికి రావాలి. శాలువా పట్టుకుని నిలబడే వాళ్ళకు ఈ సంగతి పొద్దునే చెప్పి ఉంచండి.

రెండోది వరుస. "భోజనం" అనే మాట చెవిన పడ్డాక ఇంకేదీ ఎక్కదు. కాబట్టి ముందు గదులు, తర్వాత తిరిగి వచ్చే టైము, అన్నిటికన్నా చివర భోజనం. చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు. ఒకసారి నేనూ అలాగే చెప్పాను. "ఇప్పుడు భోజన విరామం, ఆ తర్వాత..." అన్నాను. ఆ తర్వాత చెప్పింది ముందు రెండు వరుసల వాళ్ళే విన్నారు. మధ్యాహ్నం ముప్పై మందికి పైగా పాత గది తలుపు దగ్గర నిలబడ్డారు. మాట్లాడాల్సిన పెద్దాయన కూడా వాళ్ళలోనే ఉన్నారు. ఆయనకు విడిగా ఎవరూ చెప్పలేదు.

స్లైడ్ బాబు: ఇంత కష్టం ఎందుకండీ? తెర మీద ఒక స్లైడ్ వేయండి, వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదువుకున్న వాళ్ళే కదా, చూసుకుంటారు.

పాత వ్యాఖ్యాత, హన్మకొండ: స్లైడ్ తప్పకుండా ఉండాలి, మీరు చెబుతుంటే తెర మీద కనపడాలి. కానీ అదొక్కటే చాలదు. భోజనానికి వెళ్ళాక ఆ తెర ఖాళీ హాల్లో ఉంటుంది, మనుషులు బయట ఉంటారు. ఆ రోజు పొద్దున పేరు నమోదు చేసుకున్న వాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఉండరు. పాత గది తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి, 1:45 నుంచి 2:15 దాకా ఒక విద్యార్థిని అక్కడ నిలబెట్టండి. ప్రకటన వేళకు బాత్రూంలో ఉన్నవాళ్ళకు ఆ పిల్లవాడే దిక్కు.

కృష్ణా జిల్లా పిన్ని: మా ఇంట్లో పెళ్ళికి బంతులు వేసినప్పుడు ఇదే గొడవ. మొదటి బంతిలో ఎవరిని కూర్చోబెట్టాలో తేలక అరగంట పోయింది. మగపెళ్ళి వాళ్ళను ముందు పిలవండి, ఏ ఇబ్బందీ ఉండదు.

క్యాటరింగ్ చూసేవాణ్ణి: పిన్నిగారూ, ఇది సదస్సు, ఇక్కడ మగపెళ్ళి వాళ్ళు ఉండరు. అయినా బంతి లెక్క మాత్రం ఇక్కడా పనికొస్తుంది. టీచర్ గారూ, ఎన్ని కౌంటర్లు పెడుతున్నారు? ఒక కౌంటర్‌కు రెండు వైపులా వడ్డిస్తే రెండు లైన్లు. నా అనుభవంలో ఒక లైన్లో నిమిషానికి ఐదారుగురు కదులుతారు. రెండు కౌంటర్లంటే నాలుగు లైన్లు, నిమిషానికి ఇరవై మంది పైన, అంటే 400 మందికి దాదాపు ఇరవై నిమిషాలు. చివరి మనిషి తినడానికి ఇంకో ఇరవై, చేతులు కడుక్కుని గది చేరడానికి పది. గంట సరిపోతుంది. ఒక్క కౌంటరే అయితే చివరి మనిషికి ప్లేటు అందేసరికే నలభై నిమిషాలు అవుతుంది. అప్పుడు "రెండింటికల్లా రండి" అని ఎంత బాగా చెప్పినా ఎవరూ రారు. తప్పు మీ ప్రకటనది కాదు, కౌంటర్లది.

ఇంకోటి, అందరినీ ఒకేసారి లేపకండి. వెనక తలుపు నుంచి వెనక వరుసలు ముందు, ముందు వరుసలు తర్వాత.

విశాఖ నుంచి ఒక కూతురు: నేను ముందే చెప్పాలనే వాళ్ళ వైపు. మా నాన్నగారికి షుగర్. భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. ఒక సభలో ఒంటిగంటకు భోజనం అన్నారని పన్నెండున్నరకు వేసుకున్నారు. ప్రసంగం ఒంటిగంటా నలభై దాకా సాగింది. ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికాయి. పక్కావిడ బ్యాగులో చాక్లెట్ ఉండబట్టి సరిపోయింది. టైము దాచిపెట్టి చివర్లో చెబితే ఇలాంటి వాళ్ళేం చేయాలి?

పాత వ్యాఖ్యాత, హన్మకొండ: అమ్మా, మీరు చెప్పింది నిజం. నేను రెండింటినీ కలిపేశాను. భోజనం టైము పొద్దున మొదటి ప్రకటనలోనే చెప్పాలి. ఆ టైముకే భోజనం పెడితే మేలు, ఆలస్యం అవుతోందంటే ఆ మాట వెంటనే చెప్పడం వ్యాఖ్యాత బాధ్యత. "పదిహేను నిమిషాలు ఆలస్యం, మందులు వేసుకునేవాళ్ళు గమనించండి" అంటే ప్రసంగం ఏమీ ఆగిపోదు. గదులు, తలుపులు మాత్రం చివరకే.

నేనైతే ఇలా చెబుతాను:

"ఒక్క నిమిషం, కూర్చునే వినండి. మధ్యాహ్నం మీ బ్యాడ్జీ మీద చుక్క రంగును బట్టి గది. ఎర్ర చుక్క వాళ్ళు ఈ హాల్లోనే. పచ్చ చుక్క వాళ్ళు మేడ మీద, లైబ్రరీ పక్కన. నీలం చుక్క వాళ్ళకు గది మారింది. నీలం చుక్క వాళ్ళు కింద, క్యాంటీన్ ఎదురు గది. మళ్ళీ చెబుతున్నాను, నీలం చుక్క, క్యాంటీన్ ఎదురు గది. ఈ హాలు వదిలేవాళ్ళు సంచులు తీసుకెళ్ళండి. గదులు 1:50కి తెరుస్తాం, రెండింటికి మొదలుపెడతాం. బ్యాడ్జీ తీయకండి, లోపలికి రావడానికి అదే కావాలి. భోజనాలు వెనక షెడ్డులో. శాలువా సత్కారం అయ్యాక, వెనక వరుసల వాళ్ళు ముందు లేవండి."

పాత గది పేరు ఎక్కడా ఎత్తలేదు చూడండి. "ఫలానా గది కాదు" అంటే ఆ పేరే గుర్తుండిపోతుంది.

అనంతపురం సౌండ్ సిస్టం: బాగుంది సార్, ఒక్క మాట మార్చండి. "పచ్చ" అంటే మా వైపు పసుపు అనుకునేవాళ్ళు ఉన్నారు. "ఆకుపచ్చ" అనండి. చివర్లో ఉన్న మాటలు కుర్చీల చప్పుడులో కలిసిపోతాయి కాబట్టి మైకు దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా చెప్పండి.

స్లైడ్ బాబు: రెండు దాటాక వచ్చినవాళ్ళ సంగతేంటి? తలుపు వేసేయాలి. లేకపోతే టైముకు వచ్చినవాళ్ళకు అన్యాయం.

విశాఖ నుంచి ఒక కూతురు: మోకాళ్ళ నొప్పితో మేడ ఎక్కేవాళ్ళను బయట నిలబెడతారా?

పాత వ్యాఖ్యాత, హన్మకొండ: వేదిక పక్క తలుపు మూసి, వెనక తలుపు తెరిచి ఉంచడమే నా పద్ధతి. వెనక రెండు వరుసలు ఖాళీగా వదిలితే ఆలస్యంగా వచ్చినవాళ్ళు చప్పుడు లేకుండా కూర్చుంటారు. బాబు గారు ఒప్పుకోకపోవచ్చు.

స్లైడ్ బాబు: ఒప్పుకోను. వెనక తలుపు తెరిచి ఉంటే అరగంట దాకా వస్తూనే ఉంటారు.

గుంటూరు టీచర్: అందరికీ ధన్యవాదాలు. భోజనం టైము పొద్దునే చెబుతాను, మిగతావి శాలువాకు ముందు. కౌంటర్ల గురించి ఇప్పుడే అడిగాను, ఒక్కటే అనుకున్నారట. రెండోది పెట్టమన్నాను. లేకపోతే రెండున్నరకు మొదలుపెట్టాలని చెప్పాను. తలుపు విషయం కమిటీలో రేపు మాట్లాడతాం, మేడ మీద గదికి వెనక తలుపే లేదు.